ఇన్నేట్ నుంచి అడాప్టివ్ దాకా ఒక్క పేజీ టేబుల్: కంపముల్లు ఉదాహరణతో

ప్రశ్న: తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫస్టియర్ చదువుతున్నాను. ఇమ్యూనాలజీలో ఇన్నేట్, అడాప్టివ్ రెస్పాన్స్ చాప్టర్‌ని ఒక టేబుల్‌గా కుదించుకుందామని కూర్చుంటే అది ఆరు పేజీలైంది. సెల్స్, సిగ్నల్స్, కన్‌ఫ్యూజ్ అయ్యే పాయింట్లు అన్నీ ఒకే చోట కనపడేలా ఎలా రాసుకోవాలి? ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

ఒక్కో సెల్‌కి ఒక్కో వరుస పెట్టడం మానేయండి. ఒకరి నుంచి ఇంకొకరికి సిగ్నల్ అందిన ప్రతిసారీ ఒక వరుస రాయండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పంపారు, ఏం పంపారు, ఎవరు అందుకున్నారు, అందుకున్నాక వాళ్ళలో ఏం మారింది. ఇవే కాలమ్‌లు. ఇలా రాస్తే చాప్టర్ అసలు కథ ఏడెనిమిది వరుసల్లో వచ్చేస్తుంది. కన్‌ఫ్యూజ్ అయ్యే పాయింట్ల కోసం కుడివైపు ఒక కాలమ్ ఖాళీగా వదలండి. దాన్ని అన్నిటికంటే చివర నింపాలి.

నేను తిరుపతిలోనే పద్దెనిమిదేళ్ళుగా ఈ సబ్జెక్ట్ చెబుతున్నాను. ఆన్సర్ షీట్లు దిద్దేటప్పుడు ఏటా ఒకటే కనపడుతుంది. "మాక్రోఫేజ్ విడుదల చేసే సైటోకైన్లు రాయండి" అంటే ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-8, ఐఎల్-12, టిఎన్ఎఫ్ అని గడగడా రాసేస్తారు. "ఐఎల్-12 అందకపోతే ఏం జరుగుతుంది?" అని అడిగితే మాత్రం సగం మంది ఆగిపోతారు. వాళ్ళు చదవక కాదు. సెల్ వారీగా రాసుకున్న టేబుల్‌లో ఐఎల్-12 ఎక్కడికి వెళ్ళిందో రాయడానికి చోటే ఉండదు. పైగా మాక్రోఫేజ్ ఒకసారి మొదట్లో అలారం కొట్టేదిగా, ఇంకోసారి చివర్లో టి సెల్ మాట విని చంపేదిగా కనిపిస్తుంది. రెండిటినీ ఒకే గడిలో కుక్కితే ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోతుంది. పేజీలు పెరిగేది కూడా అక్కడే.

రెండో పని, ఒక్క సంఘటన పట్టుకోండి. "ఇన్‌ఫెక్షన్" అని గాల్లో రాయకండి. మా క్లాసులో ఈ పద్ధతి ఒక అమ్మాయి మాట వల్ల మొదలైంది. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల. లింఫ్ నోడ్ గురించి చెబుతుంటే, "మేడమ్, కాల్లో కంపముల్లు దిగితే రెండోరోజుకి గజ్జల్లో బిళ్ళ కట్టేది ఇందుకేనా?" అని అడిగింది. ఆ రోజు బోర్డు మీద ఆ ముల్లుతోనే మొత్తం చాప్టర్ గీశాం. కాల్లో ముల్లు దిగిన చోటు ఒకటి, గజ్జల్లో బిళ్ళ ఒకటి. ఈ రెండు చోట్ల మధ్య ఎవరు ఎటు వెళ్ళారు అన్నదే ఇన్నేట్ నుంచి అడాప్టివ్‌కి జరిగే ప్రయాణం.

ముల్లుతో పాటు చర్మం మీది స్టాఫిలోకాకస్ ఆరియస్ లోపలికి వెళ్ళిందనుకుందాం. అప్పుడు టేబుల్ ఇలా వస్తుంది:

| | ఎక్కడ, ఎప్పుడు | పంపింది | సిగ్నల్ | అందుకుంది | ఏం మారింది |
|---|---|---|---|---|---|
| 1 | పాదం, మొదటి గంటలు | అక్కడే ఉండే మాక్రోఫేజ్ | టిఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-8 | రక్తనాళం గోడ, న్యూట్రోఫిల్ | గోడ అంటుకునేలా మారింది, న్యూట్రోఫిల్ బయటికొచ్చింది |
| 2 | పాదం, మొదటి గంటలు | కాంప్లిమెంట్ | సి3బి | న్యూట్రోఫిల్, మాక్రోఫేజ్ | బ్యాక్టీరియాని మింగడం సులువైంది |
| 3 | పాదం, మొదటి రోజు | బ్యాక్టీరియా లైపోప్రోటీన్ | టిఎల్ఆర్2 ద్వారా | డెండ్రిటిక్ సెల్ | బి7, సిసిఆర్7 పెరిగాయి, నోడ్‌కి బయల్దేరింది |
| 4 | గజ్జల నోడ్, ఒకటి నుంచి మూడో రోజు | డెండ్రిటిక్ సెల్ | మూడు సిగ్నల్స్ | నేయివ్ సిడి4 టి సెల్ | ఐఎల్-2, విభజన, రకం ఖాయం |
| 5 | నోడ్, దాదాపు వారం | ఫాలిక్యులర్ హెల్పర్ టి సెల్ | సిడి40 లైగాండ్, ఐఎల్-21 | బి సెల్ | క్లాస్ స్విచ్, ప్లాస్మా సెల్ |
| 6 | మళ్ళీ పాదం, ఐదారు రోజుల తర్వాత | టిహెచ్17, టిహెచ్1 | ఐఎల్-17, ఇంటర్‌ఫెరాన్ గామా | చర్మం సెల్స్, మాక్రోఫేజ్ | న్యూట్రోఫిల్స్ ఇంకా వచ్చాయి, మాక్రోఫేజ్‌కి బలం పెరిగింది |
| 7 | పాదం, వారం దాటాక | ప్లాస్మా సెల్ | ఐజిజి | న్యూట్రోఫిల్ ఎఫ్‌సి రిసెప్టర్ | మింగడం ఇంకా సులువైంది |

ఒక జాగ్రత్త చెప్పాలి. నిజంగా ముల్లు గుచ్చుకుంటే చాలాసార్లు రెండు మూడు రోజుల్లో మొదటి రెండు వరుసలతోనే పని అయిపోతుంది. 5, 6, 7 వరుసలు ముల్లు ముక్క లోపలే ఉండిపోయి చీము పట్టి సాగినప్పటి సంగతి. రోజుల లెక్క కూడా ఆ బ్యాక్టీరియా మొదటిసారి ఎదురైతేనే ఇలా ఉంటుంది. మెమరీ సెల్స్ ఉంటే ఒకటి నుంచి మూడు రోజుల్లోనే యాంటీబాడీ పెరగడం మొదలవుతుంది. టేబుల్ పైన "మొదటిసారి" అని రాసిపెట్టుకోండి.

వరుసలన్నీ సమానం కావు. ఒకటి, రెండు ఎవరికైనా తొందరగా వచ్చేస్తాయి. మార్కులు పోయేది నాలుగు, ఐదు దగ్గర. అందుకే ఆ రెండిటి గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

నాలుగో వరుస. ఇన్నేట్ పక్క అడాప్టివ్‌కి పని అప్పజెప్పే చోటు ఇదే. పాదంలో ఉన్నప్పుడు డెండ్రిటిక్ సెల్ పని మింగడం. టిఎల్ఆర్ తగిలాక మింగడం తగ్గించి, మింగినదాన్ని ముక్కలు చేసి ఎంహెచ్‌సి క్లాస్ 2 మీద పెట్టుకుంటుంది, పైన బి7 పెంచుకుంటుంది, సిసిఆర్7 సాయంతో లింఫ్ దారి పట్టి గజ్జల నోడ్ చేరుతుంది. అక్కడ టి సెల్‌కి మూడు చెబుతుంది. ఒకటో సిగ్నల్ టి సెల్ రిసెప్టర్ పెప్టైడ్‌ని చూడటం, అంటే "ఎవరు" అన్నది. రెండో సిగ్నల్ సిడి28ని బి7 తాకడం, అంటే "ఇది నిజంగా ప్రమాదమే" అన్నది. మూడోది సైటోకైన్, అంటే "నువ్వు ఏ రకంగా మారాలి" అన్నది. ఐఎల్-12 అయితే టిహెచ్1, టిజిఎఫ్ బీటా ఐఎల్-6 కలిసి ఉంటే టిహెచ్17, ఐఎల్-4 అయితే టిహెచ్2.

ఈ మూడూ టేబుల్‌లో ఒకే గడిలో ఉన్నా, కింద మూడు చిన్న గీతలుగా విడదీసి రాయండి. ఎందుకంటే ప్రశ్న ఎప్పుడూ "ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే?" అనే వస్తుంది. ఒకటో సిగ్నల్ ఉండి రెండోది లేకపోతే టి సెల్ అనర్జీలోకి పోతుంది. అనర్జీ అంటే శక్తి అనే ఎనర్జీ కాదు, స్పందించకుండా ఉండిపోవడం. ఈ పదం వినడానికి ఎనర్జీ లాగే ఉంటుంది కాబట్టి నేను పిల్లలతో "మొద్దుబారడం" అని పక్కనే రాయిస్తాను. మన సొంత ప్రోటీన్లని చూసే టి సెల్ ఒకటి తప్పించుకుని బయటికొచ్చినా రోజూ గొడవ జరగకపోవడానికి ఇది ఒక కారణం. సొంత ప్రోటీన్ దగ్గర టిఎల్ఆర్ అలారం మోగదు, బి7 పెరగదు.

వ్యాక్సిన్‌లో అడ్జువెంట్ ఎందుకు కలుపుతారు అన్నదీ ఇదే గడిలోంచి వస్తుంది. శుద్ధి చేసిన ప్రోటీన్ ఒక్కటే ఎక్కిస్తే ఒకటో సిగ్నల్‌కి సరుకు ఉంటుంది, రెండోదాన్ని లేపే కదలిక చాలదు. చార్లెస్ జేన్‌వే 1989లో ఈ ప్రశ్న పట్టుకునే, ఇన్నేట్ పక్కన సూక్ష్మజీవుల గుర్తుల్ని పట్టే రిసెప్టర్లు ఉండితీరాలని చెప్పారు. అప్పటికి మనిషిలో టిఎల్ఆర్‌లు ఎవరికీ తెలియవు. 2011 నోబెల్‌ని చూడండి: సగం ఇన్నేట్ రిసెప్టర్ల పనికి బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకి, మిగతా సగం డెండ్రిటిక్ సెల్‌కి స్టైన్‌మన్‌కి. మీ టేబుల్‌లో మూడు, నాలుగు వరుసలే అవి.

గజ్జల్లో బిళ్ళ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. "టి సెల్స్ విభజన చెందడం వల్ల నోడ్ ఉబ్బుతుంది" అని చాలామంది రాస్తారు. రెండోరోజుకే బిళ్ళ కడితే అది సరిపోదు, విభజన ఊపందుకోవడానికి ఇంకా టైం పడుతుంది. మొదట జరిగేది వేరు. నోడ్‌కి రక్తం ఎక్కువ వస్తుంది, లోపలికి వచ్చిన లింఫోసైట్లు బయటికి పోకుండా కొంతకాలం ఆగిపోతాయి. విభజన వల్ల పెరిగే వాపు ఆ తర్వాతిది.

ఐదో వరుస. ఇక్కడ తికమక ఒక్కటే: బి సెల్ చూసేది ఒకటి, టి సెల్‌కి చూపించేది ఇంకొకటి. బి సెల్ రిసెప్టర్ యాంటిజెన్‌ని ఉన్నది ఉన్నట్టు, ముక్కలు కాకుండా పట్టుకుంటుంది. పట్టుకుని లోపలికి లాక్కుని, ముక్కలు చేసి, ఒక పెప్టైడ్‌ని క్లాస్ 2 మీద పెట్టి ఫాలిక్యులర్ హెల్పర్ టి సెల్‌కి చూపిస్తుంది. అది గుర్తుపడితేనే సిడి40 లైగాండ్, ఐఎల్-21 అందుతాయి. అంటే బి సెల్ గుర్తుపట్టిన భాగం, టి సెల్ గుర్తుపట్టిన భాగం ఒకటే కానక్కర్లేదు. రెండూ ఒకే ముద్దలో అతుక్కుని ఉంటే చాలు.

ఇది మాటల్లో చెబితే నిలవదు. పిల్లలకి ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేసే పెంటావాలెంట్ టీకాలో హిబ్ భాగం తీసుకోండి. హిబ్ బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర పాలిసాకరైడ్, అంటే చక్కెర గొలుసు. చక్కెర గొలుసు క్లాస్ 2 మీద పెప్టైడ్‌లా కూర్చోదు, కాబట్టి దానికి మామూలుగా టి సెల్ సాయం రాదు. రెండేళ్ళలోపు పిల్లలకి ఉత్త పాలిసాకరైడ్ ఇస్తే మంచి స్పందన రాదు. అందుకని ఆ గొలుసుని ఒక ప్రోటీన్‌కి అతికించి ఇస్తారు. బి సెల్ చక్కెరని పట్టుకుంటుంది, దానితో పాటు ప్రోటీన్ కూడా లోపలికి వస్తుంది, ఆ ప్రోటీన్ ముక్క టి సెల్‌కి కనపడుతుంది. టి సెల్ ప్రోటీన్‌ని చూసి సాయం చేస్తే, తయారయ్యే యాంటీబాడీ మాత్రం చక్కెర మీద పనిచేస్తుంది. ఈ ఒక్క ఉదాహరణని మీ చేత్తో బొమ్మ గీసి చూడండి. ఐదో వరుసలో "అందుకుంది: బి సెల్" అన్న మాట పక్కన "అదే ముద్దని పట్టుకున్న" అని మీరే చేర్చుకుంటారు.

ఆరో వరుసకి రెండు జబ్బులు గుర్తుంచుకుంటే చాలు. స్టాట్3 లోపంతో వచ్చే హైపర్ ఐజిఇ సిండ్రోమ్‌లో టిహెచ్17 సరిగా తయారవదు. వాళ్ళకి స్టాఫ్ గడ్డలు, కాండిడా పదేపదే వస్తాయి. ఐఎల్-12 రిసెప్టర్ లోపం ఉన్నవాళ్ళకి ఇంటర్‌ఫెరాన్ గామా చాలినంత రాదు. వాళ్ళకి బిసిజి టీకా బ్యాక్టీరియా, సాల్మొనెల్లా లాంటివి ఇబ్బంది పెడతాయి. దీన్నిబట్టి రెండు దారులు వేరని తెలుస్తుంది, ఐఎల్-12 ముందు, ఇంటర్‌ఫెరాన్ గామా తర్వాత అన్న వరుసా నిలుస్తుంది. ఐఎల్-12 డెండ్రిటిక్ సెల్, మాక్రోఫేజ్‌ల నుంచి టి సెల్ వైపు వెళ్తుంది. ఇంటర్‌ఫెరాన్ గామా టి సెల్ నుంచి మాక్రోఫేజ్ వైపు తిరిగొస్తుంది. పరీక్షలో ఈ రెండు బాణాలు తారుమారు చేసినవాళ్ళే ఎక్కువ.

ఏడో వరుస గురించి ఒక్క మాట. స్టాఫ్‌కి ప్రోటీన్ ఏ ఉంటుంది, అది ఐజిజిని ఎఫ్‌సి వైపు పట్టుకుని తలకిందులుగా తగిలించుకుంటుంది. అప్పుడు న్యూట్రోఫిల్ పట్టుకోవాల్సిన కొన అందదు. కాబట్టి టేబుల్‌లో ఐజిజి వచ్చింది కదా అని స్టాఫ్ పని అయిపోయిందని రాయకండి.

ఇక తికమకల కాలమ్. దీన్ని పుస్తకం చూసి నింపకండి. పుస్తకంలో "ముఖ్య తేడాలు" అని ఉన్నవన్నీ ఎక్కిస్తే మళ్ళీ ఆరు పేజీలే. నియమం ఏంటంటే, మీరు కనీసం ఒక్కసారి తప్పు రాసింది మాత్రమే ఆ కాలమ్‌లోకి రావాలి. పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు పుస్తకం మూసి రాయండి, తప్పు పోయినవి ఏ వరుసకి చెందినవో చూసి ఆ వరుస పక్కనే పెట్టండి. ఏడుకి మించి వస్తే అది టేబుల్ లోపం కాదు, ఏదో ఒక వరుస ఇంకా అర్థం కాలేదని గుర్తు.

రాసే తీరు కూడా ముఖ్యం. "ఎన్‌కె సెల్‌కీ సిడి8 సెల్‌కీ తేడా" అని శీర్షిక పెట్టి రెండు వైపులా ఐదేసి పాయింట్లు రాయకండి. తేల్చిచెప్పే గుర్తు ఒక్కటే రాయండి. ఉదాహరణకి: "ఇద్దరి ఆయుధం ఒకటే, పెర్ఫోరిన్, గ్రాంజైమ్. క్లాస్ 1 కనపడకపోతే ఎన్‌కె, క్లాస్ 1లో పరాయి పెప్టైడ్ కనపడితే సిడి8." అలాగే "ఇన్నేట్‌కి స్పెసిఫిసిటీ లేదు" అని రాసే అలవాటు ఉంటే దాని పక్కన: "ఉంది. గుంపుని గుర్తుపడుతుంది, ఒక్కొక్కరిని కాదు. రిసెప్టర్ జీన్ పుట్టుకతో ఉన్నదే, ముక్కలు కలిపి కొత్తగా కట్టింది కాదు." సి3బి, ఐజిజి రెండూ ఆప్సోనిన్లే కదా అని కలిపేస్తుంటే: "రెండో వరుస గంటల్లో, ఏడో వరుస వారం తర్వాత." ఇంతకంటే పొడుగు వద్దు.

టేబుల్ సరిగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? "అందుకుంది" కాలమ్ మీద వేలు పెట్టి కిందకి రండి. అక్కడున్న ప్రతి పేరూ కింద ఏదో ఒక వరుసలో "పంపింది" కాలమ్‌లోకి రావాలి, లేదా బ్యాక్టీరియాని చంపడంతో ముగియాలి. డెండ్రిటిక్ సెల్ మూడులో అందుకుని నాలుగులో పంపుతుంది. నాలుగులో అందుకున్న టి సెల్ ఐదులో, ఆరులో పంపుతుంది. బి సెల్ ఐదులో అందుకుని ప్లాస్మా సెల్‌గా ఏడులో పంపుతుంది. న్యూట్రోఫిల్ ఎక్కడ అందుకున్నా మింగి చంపడంతో ఆగుతుంది. రక్తనాళం గోడ, చర్మం సెల్స్ ఆ న్యూట్రోఫిల్‌ని రప్పిస్తాయి కాబట్టి వాటి కథా చంపడంతోనే ముగుస్తుంది. అందుకుని ఏమీ చేయకుండా నిలబడిపోయిన సెల్ ఏదైనా కనపడితే అక్కడ ఒక వరుస ఎగిరిపోయిందని అర్థం. మా దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేది మూడో వరుస. పాదంలో మాక్రోఫేజ్ నుంచి నేరుగా నోడ్‌లో టి సెల్‌కి దూకేస్తారు, మధ్యలో ఎవరు నడిచి వెళ్ళారో రాయరు.

తర్వాత "సిగ్నల్" కాలమ్‌ని ఒక కాగితంతో కప్పి మిగతావి చూస్తూ చెప్పండి. మరుసటి రోజు "అందుకుంది" కాలమ్ కప్పండి. రెండోది కష్టం, అదే అసలు పరీక్ష.

ఈ టేబుల్‌లో సిడి8, ఎన్‌కె లేవేంటని మీకు అనుమానం రావచ్చు. కావాలనే వదిలాను, ముల్లు కథలో వాటికి పెద్ద పని లేదు. దానికి ఇంకో పేజీ కొత్తగా రాయక్కర్లేదు. ఫ్లూ వైరస్ అనుకుని నాలుగు వరుసలు మార్చండి చాలు. ఒకటో వరుసలో వైరస్ సోకిన సెల్ పంపేది టైప్ 1 ఇంటర్‌ఫెరాన్, అందుకునేవి పక్క సెల్స్, ఎన్‌కె. మూడో వరుసలో బ్యాక్టీరియా లైపోప్రోటీన్ బదులు వైరస్ ఆర్‌ఎన్‌ఏ, టిఎల్ఆర్2 బదులు టిఎల్ఆర్7 లాంటి రిసెప్టర్లు. నాలుగో వరుసలో సిడి4తో పాటు సిడి8 కూడా అందుకుంటుంది, అది క్లాస్ 1 మీద. డెండ్రిటిక్ సెల్‌కి తనకి వైరస్ సోకకపోయినా బయట మింగిన ముక్కని క్లాస్ 1 మీద పెట్టగల శక్తి ఉంది, దాన్నే క్రాస్ ప్రెజెంటేషన్ అంటారు. "బయటిది క్లాస్ 2, లోపలిది క్లాస్ 1" అన్న సూత్రం దగ్గర ఈ మినహాయింపు రాసుకోండి. ఆరో వరుసలో సిడి8 ఊపిరితిత్తికి వెళ్ళి సోకిన సెల్‌ని చంపుతుంది. ఈ నాలుగు మార్పులూ వేరే రంగు పెన్నుతో అదే కాగితం మీద, అదే గడుల్లో రాయండి. నోడ్ మాత్రం మారుతుంది, గజ్జల్లోది కాదు, ఊపిరితిత్తుల దగ్గరిది.